ఏప్రిల్ ఒకటి పొద్దున, సున్నా పీరియడ్
(అమీర్‌పేటలో ఒక ఆదివారం సాయంత్రం, ఎస్‌ఏపీ ఫైనాన్స్ నేర్చుకుంటున్న విద్యార్థులు, చిన్న కంపెనీల అకౌంటెంట్లు కలిసి విన్న ప్రసంగం. మాట్లాడినది మాట్లాడినట్టుగా, కాస్త సరిచేసి.)

వెనక కుర్చీల్లో ఉన్నవాళ్లు ముందుకు రండమ్మా, తెర మీద అంకెలు చిన్నగా ఉంటాయి. ఫ్యాను ఒకటే తిరుగుతోంది, సర్దుకోండి.

2025 మార్చి నెలాఖరు గుర్తుందా? ఆదివారం ఉగాది. సోమవారం రంజాన్. మంగళవారం ఏప్రిల్ 1. హైదరాబాద్‌లో శనివారం సాయంత్రం ఆఫీసు మూసి వెళ్లినవాడు మళ్లీ కుర్చీలో కూర్చున్నది మంగళవారమే. నేనూ అంతే. అప్పుడు నేను చూస్తున్నది జీడిమెట్లలో ఒక కంపెనీ, పంపులకు విడిభాగాలు చేస్తారు. పేరు వద్దు. ఉగాది పచ్చడి తిని, సోమవారం టోలీచౌకీలో స్నేహితుడి ఇంట్లో షీర్ ఖుర్మా తాగి, మంగళవారం పొద్దున ఎనిమిదింటికి ఇంకా బండి మీదే ఉన్నాను. స్టోర్ కీపర్ ఫోన్. "సార్, గేటు దగ్గర రెండు లారీలు నిలబడ్డాయి. సరుకు దించాం గానీ సిస్టమ్ ఎక్కించుకోవట్లేదు."

తెర మీద వచ్చిన మాట ఇది, మీకూ ఎప్పుడో వస్తుంది, చూసి పెట్టుకోండి:

```
Posting only possible in periods 2024/12 and 2024/11
in company code 1000
```

చదివితే అర్థమైపోతుంది. సరుకు లెక్కకు ఎస్‌ఏపీలో ఒక గడియారం వేరుగా ఉంటుంది. నెల మారినప్పుడు దాన్ని `MMPV` అనే పనితో మనమే ఒక గంట ముందుకు తిప్పాలి. తిప్పితే ఈ నెలలో వేయచ్చు, పోయిన నెలలో కూడా వేయచ్చు. తిప్పకపోతే అది ఇంకా మార్చిలోనే కూర్చుని ఉంటుంది. దాన్ని బ్యాక్‌గ్రౌండ్ జాబుగా పెట్టి ఉండాల్సింది. నేను పెట్టలేదు, చేత్తో చేద్దాంలే అనుకున్నాను. పండగ మూడ్.

ఇది పెద్ద తప్పేం కాదు, రెండు నిమిషాల పని. అసలు తప్పు ఆ రెండు నిమిషాల్లో జరిగింది. నేను ఫోన్ ఎత్తేలోపే స్టోర్ కీపర్ తెలివిగా తారీఖు 31.03.2025 అని కొట్టి చూశాడు. సిస్టమ్ హాయిగా తీసుకుంది! ఒక లారీ సరుకు పాత ఏడాది స్టాకులో పడిపోయింది. అతన్ని తిట్టడానికి లేదు, లారీ డ్రైవరు నెత్తి మీద నిలబడితే ఎవరైనా అదే చేస్తారు. కానీ గేటు రిజిస్టర్లో ఏప్రిల్ 1 ఉదయం 7:40 అని ఉంది. ఆడిటర్లు ఏడాది చివర చూసే మొదటి కాయితం అదే. గేటు రిజిస్టర్‌లో చివరి పది ఎంట్రీలు, మొదటి పది ఎంట్రీలు తీసి సిస్టమ్ తారీఖులతో పక్కపక్కన పెడతారు. ఆ ఎంట్రీని 31 మార్చి తారీఖుతోనే రద్దు చేసి, మళ్లీ ఏప్రిల్ 1న వేశాం. గడియారం ఒక నెల వెనక్కి కూడా చూడనిస్తుంది కాబట్టి ఆ పని వీలైంది.

ఈ సంగతి ముందు ఎందుకు చెప్పానంటే, "ఇయర్ ఎండ్ క్లోజింగ్" అంటే ఒక బటన్ అనుకుని చాలామంది వస్తారు. ఒక్క బటన్ లేదు. కొత్త ఏడాది తలుపులు తెరవడం ఒక పని, పాత ఏడాది నిల్వలు అటు మోయడం ఇంకో పని, పాత ఏడాదికి తాళం వేయడం మూడో పని. ఈ మూడూ ఒకే రోజున జరగవు. మొదటిదీ రెండోదీ ఏప్రిల్ 1నే. మూడోది చాలాసార్లు సెప్టెంబరులో. కలిపి చూస్తేనే గందరగోళం.

తలుపుల గురించి తొందరగా చెప్పేస్తాను. సరుకు గడియారం చూశాం. రెండోది డాక్యుమెంట్ నంబర్లు. మన దేశంలో జీఎస్టీ ఇన్‌వాయిస్ నంబరు ఒక ఆర్థిక సంవత్సరంలో వరుసగా, మళ్లీ రాకుండా, పదహారు అక్షరాలు దాటకుండా ఉండాలి. అందుకే చాలా కంపెనీలు ఏటా కొత్త సిరీస్ పెడతాయి. అకౌంటింగ్ డాక్యుమెంట్లకూ అలాగే ఏడాదివారీ నంబర్లు పెట్టుకుని ఉంటే, కొత్త ఏడాదికి `OBH2` తో కాపీ చేయాలి. మర్చిపోతే మొదటి వోచరుకే నంబరు లేదంటుంది. ఇవి మార్చి ఇరవైలోపే చేసి పెట్టుకోండి. ముందే చేసినందువల్ల నష్టమేం లేదు.

ఇంకో మాట, ఇది చిన్నదే కానీ మనవాళ్లందరూ ఒకసారైనా తడబడతారు. 2024 ఏప్రిల్ నుంచి 2025 మార్చి వరకు ఉన్న ఏడాదిని బయట అందరూ ఎఫ్‌వై 25 అంటారు. ఎస్‌ఏపీలో మన దేశానికి వాడే `V3` వేరియంట్‌లో అదే ఏడాది పేరు 2024. ఏప్రిల్ పీరియడ్ 1, మార్చి పీరియడ్ 12. ఆపైన 13 నుంచి 16 దాకా నాలుగు ప్రత్యేక పీరియడ్లు. వాటన్నిటికీ తారీఖు మాత్రం మార్చిలోదే వేయాలి. "ఏ ఏడాదికి మోయాలి" అని సిస్టమ్ అడిగినప్పుడు 2024-25 నిల్వలు మోయాల్సింది 2025కి. 2026కి కాదు. మీ బాస్ నోటితో "ఎఫ్‌వై 26 ఓపెన్ చెయ్" అంటాడు, మీరు తెర మీద 2025 కొట్టాలి. నవ్వకండి, నేను చూశాను.

ఇప్పుడు అసలు విషయానికొద్దాం. నిల్వలు మోయడం.

నా మొదటి ఉద్యోగం బాలానగర్‌లో, చేత్తో రాసే లెడ్జర్లు. మా పెద్ద అకౌంటెంటు గారు మార్చి చివర ఎర్ర పెన్ను తీసేవారు. అమ్మకాల ఖాతా, జీతాల ఖాతా, కరెంటు ఖాతా, ఒక్కొక్కటీ లాభనష్టాల ఖాతాకు బదిలీ చేసి సున్నా చేసి, కింద రెండు గీతలు కొట్టేవారు. మిగిలిన లాభం క్యాపిటల్‌కో రిజర్వుకో వెళ్లేది. తర్వాత కొత్త పుస్తకం తెరిచి, బ్యాంకు, అప్పులవాళ్లు, స్టాకు, ఆస్తులు, వీటి నిల్వలు మొదటి లైనులో రాసేవారు. బేగంబజార్‌లో కొన్ని పాత కొట్లలో దీపావళికి కొత్త పుస్తకానికి పసుపు కుంకుమ పెట్టి మొదలుపెట్టేదీ ఇదే పని.

ఆ అలవాటుతోనే నేను ఎస్‌ఏపీకి వచ్చాను. వచ్చిన మొదటి ఏడాది చాలా శ్రద్ధగా ఒక జేవీ తయారుచేశాను. అమ్మకాలన్నీ డెబిట్, ఖర్చులన్నీ క్రెడిట్, తేడా రిజర్వులకు. నూట పది లైన్లు. మార్చి 31 తారీఖుతో పోస్ట్ చేసి, కాఫీ తాగి వచ్చి, లాభనష్టాల రిపోర్టు తీశాను. అమ్మకాలు సున్నా. జీతాలు సున్నా. ఏడాదంతా కంపెనీ పని చేసిందనడానికి ఒక్క రుజువు లేదు. (నవ్వులు.) లాభం రిజర్వులకు సరిగ్గానే వెళ్లింది, బ్యాలెన్స్ షీటు కుదిరింది. కానీ రిపోర్టులు అవే ఖాతాల నుంచి చదువుతాయి కదా, నేను వాటిని ఖాళీ చేసేశాను. ఆ జేవీని `FB08` తో తిప్పేసి, ఎవరికీ చెప్పకుండా ఇంటికి వెళ్లాను.

ఈఆర్‌పీ అలా పని చేయదు. ఎస్‌ఏపీలో పాత ఏడాది అమ్మకాల ఖాతా ఎప్పటికీ సున్నా కాదు. పదేళ్ల తర్వాత 2024 సంవత్సరం అడిగినా 8 కోట్ల 40 లక్షలని చూపిస్తుంది. ఎర్ర గీత ఉండదు. ముగింపు పద్దు ఉండదు. జరిగేదల్లా ఒక్కటే. `FAGLGVTR` అనే ప్రోగ్రాం నడిపినప్పుడు అది ప్రతి ఖాతా దగ్గరికీ వెళ్లి ఒకే ఒక ప్రశ్న అడుగుతుంది. "నువ్వు బ్యాలెన్స్ షీటు ఖాతావా, లాభనష్టాల ఖాతావా?" బ్యాలెన్స్ షీటు ఖాతా అయితే దాని నిల్వను అదే ఖాతాలో కొత్త ఏడాది సున్నా పీరియడ్‌లో పెడుతుంది. లాభనష్టాల ఖాతా అయితే ఆ నిల్వను తీసుకెళ్లి `OB53` లో మనం చెప్పిన రిటైన్డ్ ఎర్నింగ్స్ ఖాతాలో, అదీ కొత్త ఏడాది సున్నా పీరియడ్‌లోనే వేస్తుంది. ఆ అమ్మకాల ఖాతా కొత్త ఏడాదిలో ఏమీ లేకుండా మొదలవుతుంది. వోచరు పడదు. డాక్యుమెంట్ నంబరు రాదు. సున్నా పీరియడ్ అంటే ఏప్రిల్ కంటే ముందు, మార్చి తర్వాత, క్యాలెండర్లో లేని ఒక చోటు.

ఈ రోజు మీరు ఇంటికి ఒక్క సంగతి పట్టుకెళ్లాలంటే అదే. ఆ ప్రోగ్రాం చూసేది ఖాతా పేరు కాదు, నంబరు కాదు, మీ రిపోర్టులో అది ఎక్కడ కూర్చుందన్నది కాదు. `FS00` లో ఖాతా సృష్టించిన రోజున ఎవరో ఎంచుకున్న ఖాతా రకం. అంతే. దీని మీదే అసలు కథ ఉంది, చెప్తాను.

అదిగాక ఇంకో సంగతి. దీన్ని ఆడిట్ అయ్యాక నడపాలని చాలామంది ఆగుతారు. ఆగక్కర్లేదు. ఏప్రిల్ 1నే నడపండి. లేకపోతే ఏప్రిల్లో బ్యాంకు ఖాతా తీస్తే ఓపెనింగ్ సున్నా అని చూపిస్తుంది, మేనేజరు గుండె ఆగుతుంది. "మరి ఆడిటర్ జూలైలో మార్చి ఎంట్రీలు వేయమంటే?" అనుకుంటారు. ఒకసారి మోసిన తర్వాత, పాత ఏడాదిలో మీరు ఏ ఎంట్రీ వేసినా, దాని ప్రభావం కొత్త ఏడాది ఓపెనింగ్‌కు దానంతటదే వెళ్తుంది. మార్చిలో ఒక ఖర్చు ఎంట్రీ వేస్తే, ఆ క్షణంలోనే ఏప్రిల్ ఓపెనింగ్‌లో రిటైన్డ్ ఎర్నింగ్స్ తగ్గుతుంది. అనుమానముంటే ప్రోగ్రాం మళ్లీ నడపచ్చు, ఎన్నిసార్లయినా. రెండింతలు కాదు, మళ్లీ లెక్క కట్టి సరిచేస్తుంది.

కస్టమర్లు, వెండర్లది మాత్రం వేరు. వాళ్ల నిల్వలకు `F.07` విడిగా నడపాలి. అది మర్చిపోతే తమాషా ఏంటంటే, జనరల్ లెడ్జర్లో అప్పులవాళ్ల మొత్తం సరిగ్గా ఉంటుంది, ఓపెన్ ఐటెమ్‌ల జాబితా కూడా సరిగ్గా ఉంటుంది, కానీ `FD10N` లో ఒక్కో కస్టమర్ని తీస్తే పైన ఉండాల్సిన మోసుకొచ్చిన నిల్వ లైను ఖాళీ. ఏ కస్టమర్ని తీసినా అలాగే ఉంటే, `F.07` నడవలేదని అర్థం.

సరే, కథ. అదే జీడిమెట్ల కంపెనీ.

2024 జూలైలో వాళ్లు సరుకును తమ ఖర్చుతో కస్టమర్ల దగ్గరికి పంపడం మొదలుపెట్టారు. లారీ కిరాయికి కొత్త ఖాతా కావాలన్నారు. ఎవరో తొందరలో పక్క ఖాతాను కాపీ చేసి 415010 అని తెరిచారు. పేరు "ఔట్‌వర్డ్ ఫ్రైట్". కాపీ చేసిన పక్క ఖాతా ముందే కట్టిన ఖర్చులది, అంటే ఆస్తి. ఖాతా రకం కూడా దానితో పాటు వచ్చేసింది, బ్యాలెన్స్ షీటు ఖాతా అని. నంబరు ఖర్చుల వరుసలో ఉంది. రిపోర్టు కట్టే ఫైనాన్షియల్ స్టేట్‌మెంట్ వెర్షన్‌లో 400000 నుంచి 499999 దాకా ఖర్చులని నంబరు వరుస ఇచ్చి ఉంది. అంచేత రిపోర్టులో అది ఖర్చుల్లోనే కూర్చుంది. ఎవరికీ అనుమానం రాలేదు.

మార్చి చివరికి లెక్క ఇది. పన్ను పక్కన పెడతాను, మనసులో ఉంచుకోవడానికి తేలిక. అమ్మకాలు 8,40,00,000. ఫ్రైట్ కాకుండా ఖర్చులు 7,60,00,000. ఫ్రైట్ 18,40,000. రిపోర్టులో లాభం 61,60,000. నిజం కూడా అదే. 2024 ఏప్రిల్ 1న రిటైన్డ్ ఎర్నింగ్స్ 2,10,00,000. కలిపితే మార్చి 31కి రిజర్వులు 2,71,60,000. ఆడిటర్ ముసాయిదా బ్యాలెన్స్ షీటులోనూ అదే అంకె.

ఏప్రిల్ 1న నేను `FAGLGVTR` నడిపాను. ఎర్రగా ఏమీ రాలేదు. లాగ్ శుభ్రంగా ఉంది. ట్రయల్ బ్యాలెన్స్ తీశాను, డెబిట్, క్రెడిట్ సమానం. నేను సంతోషంగా లారీల సంగతి చూసుకోవడానికి వెళ్లిపోయాను.

జూలైలో మూడు నెలల ఫలితాలు తీస్తున్నారు. సున్నా పీరియడ్ కూడా కలిపి తీసిన రిపోర్టది. ఫ్రైట్ లైనులో 24,60,000. నెలకు రెండు లక్షల పైచిలుకు అయ్యే ఖర్చు మూడు నెలలకు 24 లక్షలా? అక్కడే ఉన్న ఒక జూనియర్ అమ్మాయి, అప్పటికి చేరి ఆరు నెలలైందేమో, రిజర్వుల లైను మీద వేలు పెట్టింది. "సార్, మార్చి షీటులో 2,71,60,000 ఉంది. ఇక్కడ ఓపెనింగ్ 2,90,00,000 ఉంది. రెండూ ఒకటే కదా ఉండాలి?"

ఒకటే ఉండాలి. తేడా ఎంత? 18,40,000.

తేడా దొరికినప్పుడు ముందు ఆ అంకెనే వెతకాలి, కారణాన్ని తర్వాత. 18,40,000 అనే అంకె ఎక్కడుందో చూశాం. `FAGLB03` లో 415010 తీస్తే, పన్నెండు నెలలకు పైన మొదటి లైను, మోసుకొచ్చిన నిల్వ, అందులో 18,40,000 నిండుగా కూర్చుని ఉంది. ఖర్చు ఖాతాకు ఓపెనింగ్ బ్యాలెన్స్ ఉండడం అంటే పెళ్లి భోజనానికి పోయిన ఏడాది విస్తరి పట్టుకుని వచ్చినట్టు. ఉండకూడదు.

ఇప్పుడు ఆగి ఆలోచించండి, ఎందుకు ఇన్నాళ్లూ దొరకలేదు. ప్రోగ్రాం దృష్టిలో లాభం ఎంత? అది 415010ను లాభనష్టాల ఖాతాగా చూడలేదు. అమ్మకాలు 8,40,00,000 లోంచి 7,60,00,000 తీసేసి 80,00,000 లాభమని రిటైన్డ్ ఎర్నింగ్స్‌కు చేర్చింది. 2,10,00,000కు 80,00,000 కలిపితే 2,90,00,000. మిగిలిన 18,40,000ను ఆస్తిలాగా అదే ఖాతాలో ముందుకు మోసింది. రెండు పక్కలా కుదిరిపోయింది. ట్రయల్ బ్యాలెన్స్ ఎప్పటికీ అరవదు. ఓపెనింగ్ మొత్తం సున్నా వచ్చింది కదా అనుకుంటే ఆ పరీక్ష కూడా పాసవుతుంది. పట్టించే పరీక్షలు రెండే. మార్చి 31 రిపోర్టులోని రిజర్వులూ, ఏప్రిల్ 1 సున్నా పీరియడ్‌లోని రిటైన్డ్ ఎర్నింగ్స్ ఖాతా, ఈ రెండింటినీ రూపాయితో సహా పోల్చడం. ఖర్చుల వరుసలో, ఆదాయం వరుసలో ఏ ఖాతాకైనా సున్నా పీరియడ్‌లో అంకె ఉందా అని చూడడం. రెండూ కలిపి పావుగంట పని. ఏప్రిల్ 1న నేను ఆ పావుగంట పెట్టలేదు.

ఇంకో సూచన కూడా మా ముందే తిరిగింది, మేం పట్టించుకోలేదు. డిస్పాచ్ చూసే మేనేజరు గారు డిసెంబరు నుంచీ అంటూనే ఉన్నారు. "నా కాస్ట్ సెంటర్ రిపోర్టులో లారీ కిరాయి రావట్లేదండి" అని. బ్యాలెన్స్ షీటు ఖాతాలో వేసిన ఖర్చు కాస్ట్ సెంటర్‌కు చేరదు కదా. ఆయన ఫిల్టరు తప్పు పెట్టుకుంటున్నారని మేం అనుకున్నాం. మా ఫిర్యాదుల జాబితాలో ఆయన పేరు కొంచెం ఎక్కువసార్లే ఉండేది, అదీ కారణం.

(సభలోంచి ఒక అబ్బాయి: "సార్, `FS00` లోకి వెళ్లి ఖాతా రకం మార్చేసి మళ్లీ `FAGLGVTR` నడిపితే సరిపోదా?")

బాగా అడిగావు. మేమూ మొదట అదే అనుకున్నాం. ఏడాదిపాటు ఎంట్రీలు పడిన ఖాతాది రకం మార్చడం అంటే, ఆ ఎంట్రీలన్నీ పాత రకంతో పడినవే ఉంటాయి. కాస్ట్ సెంటర్ లేకుండా పడ్డవి పడ్డట్టే ఉంటాయి. రేపు రెండు రిపోర్టులు రెండు మాటలు చెప్తాయి. ఆ దారి వెతకొద్దు. ఖాతాను అలాగే వదిలేసి, దాని నిల్వను బయటికి తేవాలి.

మేం చేసింది ఇది. 415011 అని కొత్త ఖాతా తెరిచాం. ఈసారి రకం ప్రైమరీ కాస్ట్ అని పెట్టి, ఇద్దరం చూశాం. తర్వాత పాత ఏడాదిలో ఒక ఎంట్రీ.

```
Posting date 31.03.2025   Period 13   Year 2024
Dr  415011  Outward Freight      18,40,000   (cost center)
Cr  415010  Outward Freight old  18,40,000
```

ఎంట్రీ వేసే ముందు ఆడిటర్‌కు చెప్పాం. ఆయన సంతకం ఇంకా కాలేదు. రెండు ఖాతాలూ రిపోర్టులో ఒకే లైనులో ఉన్నాయి కాబట్టి లాభం 61,60,000 మారదు, ఆయన ముసాయిదాలో ఒక్క అంకె కూడా మారదు. మారేది కొత్త ఏడాది ఓపెనింగ్ మాత్రమే. ఇదే సంతకం అయ్యాక దొరికి ఉంటే మాట వేరు, అప్పుడు ముందు ఆయన్ని అడిగి తర్వాత చేయాల్సిన పని. 2023 ఏప్రిల్ నుంచి కంపెనీల సాఫ్ట్‌వేర్లో ప్రతి మార్పుకూ ఆడిట్ ట్రెయిల్ ఉండాలన్న నిబంధన ఉంది, దాన్ని ఆపడానికి వీల్లేదు. కాబట్టి ఎవరు, ఎప్పుడు, ఏం వేశారన్నది దాక్కోదు. దాచాల్సిన పనీ లేదు, వివరణ వోచరు టెక్స్ట్‌లోనే రాయండి.

పోస్ట్ నొక్కాం. నేను అమ్మాయితో అన్నాను, ఇప్పుడు ఏమీ నడపకుండా 2025లో 415010 తీయమని. ఓపెనింగ్ సున్నా. రిటైన్డ్ ఎర్నింగ్స్ తీయమన్నాను. 2,71,60,000. ఒక్క ప్రోగ్రాం కూడా నడపలేదు. ఇందాక చెప్పాను చూడండి, ఒకసారి మోసిన తర్వాత పాత ఏడాది ఎంట్రీ దానంతటదే ఇటు వస్తుందని, అదే ఇది. కంటితో చూసేదాకా ఎవరూ నమ్మరు. తర్వాత నమ్మకం కోసం `FAGLGVTR` టెస్ట్ రన్ కూడా చేశాం, అవే అంకెలు.

ఇంకా పని మిగిలింది. ఏప్రిల్ నుంచి జూన్ దాకా పాత ఖాతాలో పడిన 6,20,000ను కూడా కొత్త ఖాతాకు మార్చాం, అది నడుస్తున్న ఏడాదిలోనే. 415010ను పోస్టింగ్‌కు బ్లాక్ చేశాం, మళ్లీ ఎవరి చేయీ పడకుండా.

ఈ ఎంట్రీ వేయాలంటే పాత ఏడాది పీరియడ్ 13 తెరిచి ఉండాలి కదా, అక్కడికి వద్దాం. `OB52` లో కస్టమర్లు, వెండర్లు, ఆస్తులు, ఇలా ఒక్కో వర్గానికీ ఒక లైను, ఒక్కో లైనులో రెండు కిటికీలు. మొదటి కిటికీకి ఆథరైజేషన్ గ్రూపు పెట్టచ్చు. రెండోది అందరికీ. కాబట్టి పాత ఏడాదిని మొదటి కిటికీలో పెట్టి, ఇద్దరు ముగ్గురికి మాత్రమే ఆ గ్రూపు ఇవ్వండి. కొత్త ఏడాదిని రెండో కిటికీలో పెట్టండి. ఆ జూలైలో మాది ఇలా ఉంది:

```
+   12 2024 - 13 2024   FCLS      4 2025 - 4 2025
```

ఎడమవైపు మార్చి, పీరియడ్ 13. తాళంచెవి ఇద్దరి దగ్గర. కుడివైపు జూలై, అంటే పీరియడ్ 4, అందరికీ. తిరగేసి పెడితే, అంటే పాత ఏడాదిని రెండో కిటికీలో పెడితే, స్టోర్ కీపర్ నుంచి సేల్స్ వాళ్ల దాకా అందరూ మార్చిలోకి వెళ్లగలరు. ఆడిట్ నడుస్తుండగా లాభం రోజుకో అంకె చూపిస్తుంది. ఇంకో ప్రాజెక్టులో రెండు వారాలు అది ఎందుకో తెలియక జుట్టు పీక్కున్నాం.

ఆడిటర్ ఎంట్రీలకు పీరియడ్ 13, పన్నుకు 14, ఇలా విడదీసుకుంటే, "మార్చిలో మీరు వేసినవెన్ని, మేం అడిగి వేయించినవెన్ని" అని అడిగినప్పుడు జవాబు ఒక్క సెలెక్షన్‌లో వస్తుంది. ఇది నియమం కాదు, నా అలవాటు. కొందరు అన్నీ 13లోనే వేస్తారు, తప్పేం లేదు.

(ఇంకొకరు, బేగంబజార్ వైపు నుంచి వచ్చిన పెద్దాయన: "మరి పాత ఏడాదికి తాళం పూర్తిగా ఎప్పుడు వేస్తారు సార్? మా పుస్తకానికైతే ఎర్ర గీత కొట్టేస్తాం.")

అకౌంట్స్ మీద బోర్డు సంతకం, ఆడిటర్ సంతకం అయిన రోజున మొదటి కిటికీ నుంచి 2024ను తీసేస్తాం సార్. మార్చితో ఏడాది ముగిసే కంపెనీలకు వార్షిక సమావేశం సెప్టెంబరు 30లోపు జరగాలి కాబట్టి, మామూలుగా ఆగస్టు, సెప్టెంబరుల్లో ఈ పని పడుతుంది. ఆస్తుల లెక్కకు `AJAB` అని వేరే ముగింపు ఉంది. ఏడాది తరుగుదల మొత్తం పడిందా, అసంపూర్తి ఆస్తులున్నాయా అని చూసి అప్పుడే మూయనిస్తుంది. తరుగుదలలో ఏదైనా మిగిలిపోతే అక్కడ బయటపడుతుంది. ఎర్ర గీత అంటే మాకు అదే. అప్పుడు ఆ రోజు ట్రయల్ బ్యాలెన్స్ ఒక ప్రతి తీసి ఫైల్లో పెట్టుకోండి. వచ్చే ఏడాది ఎవరైనా పొరపాటున కిటికీ తెరిచి ఏదైనా వేస్తే, పట్టుకునేది ఆ ప్రతితోనే.

ఆ డిస్పాచ్ మేనేజరు సంగతి చెప్పి ఆపేస్తాను, టీ చల్లారిపోతోంది. పీరియడ్ 13 ఎంట్రీలో 18,40,000 మేం ఆయన కాస్ట్ సెంటర్‌కే వేశాం, ఎక్కడ వేయాలి మరి. మర్నాడు పొద్దున ఫోన్. "ఏడు నెలలు అడిగితే ఒక్క రూపాయి చూపించలేదు. ఇప్పుడు పోయిన ఏడాది బడ్జెట్ మొత్తం నా నెత్తిన పడేశారు. దీనికి నేను జవాబు చెప్పాలా?" ఆయన కాస్ట్ సెంటర్ రిపోర్టు ముద్రించి, ఫ్రైట్ లైను కింద డిసెంబరు నుంచి ఆయన పంపిన మెయిళ్ల తారీఖులన్నీ చేత్తో రాసి, ఎండీ గారి టేబుల్ మీద పెట్టాను. కింద నా సంతకం చేశాను.